చెరిపిన చోట ఏముంది?

2024 మార్చి 10, బ్రిటన్‌లో మదర్స్ డే. యువరాణి కేట్ తన ముగ్గురు పిల్లలతో నవ్వుతూ కూర్చున్న ఫోటోను కెన్సింగ్టన్ ప్యాలెస్ ఆ ఉదయం విడుదల చేసింది. శస్త్రచికిత్స తర్వాత ఆమె కొన్ని వారాలుగా జనానికి కనబడలేదు. అందుకే ఆ ఫోటోను అందరూ మామూలు కన్నా ఎక్కువ శ్రద్ధగా చూశారు. రాత్రయ్యేసరికి ఏపీ, రాయిటర్స్, ఏఎఫ్‌పీ, గెట్టీ సంస్థలు దాన్ని వాడవద్దని తమ చందాదారులైన పత్రికలకు సందేశం పంపాయి. కూతురు షార్లెట్ ఎడమ చేతి దగ్గర స్వెటర్ అంచు అతకలేదు. చెయ్యి ఒకచోట ఉంటే స్వెటర్ చివర కొంత మాయమైనట్టుంది. కేట్ జాకెట్ జిప్ కూడా ఒకచోట వరస తప్పింది. మర్నాడు ఆమె, తాను అప్పుడప్పుడు ఎడిటింగ్ ప్రయోగాలు చేస్తుంటానని, కలిగిన అయోమయానికి క్షమించమని ప్రకటించారు.

అది ఏఐ చేసిన పని అని ఎవరూ తేల్చలేదు. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లకు మాత్రం అందులో మంచి పాఠం ఉంది. ముఖాలన్నీ బాగానే ఉన్నాయి. తప్పులు దొరికింది చెయ్యీ స్వెటరూ కలిసే గీత దగ్గర, జిప్ దగ్గర. ఎడిట్ చేసినవాళ్లు ముఖాలు చూసుకుని తృప్తి పడతారు, చూసేవాళ్లు మాత్రం అంచులు వెతుకుతారు.

ఇప్పుడు ఆ పనికి కంప్యూటరూ అక్కర్లేదు, నైపుణ్యమూ అక్కర్లేదు. గూగుల్ 2021లో పిక్సెల్ 6 ఫోనుతో మ్యాజిక్ ఎరేజర్ ఇచ్చింది. 2023లో ఫోటోషాప్‌లో జెనరేటివ్ ఫిల్ వచ్చింది. 2024లో శామ్‌సంగ్, ఆపిల్ ఫోన్లలోనూ ఇలాంటివి చేరాయి. పెళ్లి ఫోటోలో అడ్డొచ్చిన వీడియోగ్రాఫర్‌ని, బీచ్ ఫోటోలో వెనక నిలబడ్డ అపరిచితుణ్ణి వేలితో చుట్టూ గీసి తీసేయడం ఇప్పుడు క్షణాల పని. ఆ తర్వాత మిగిలే పనులు రెండు. ఎడిట్ ఎలా వచ్చిందో నిదానంగా పరీక్షించుకోవడం, నలుగురికీ చూపించేటప్పుడు ఏం మార్చామో చెప్పడం. మొదటిది సరిగ్గా చేస్తే రెండోదానికి కావలసిన సమాచారమంతా అందులోనే దొరుకుతుంది.

ఎరేజర్ చేసే పని

ఫోటోలో ఒక మనిషిని చెరిపితే అతని వెనకున్నది బయటపడుతుందని చాలామంది అనుకుంటారు. అది జరగని పని. అతని వెనకున్నదాన్ని కెమెరా చూడనే లేదు, కాబట్టి ఆ సమాచారం ఫైల్లో ఎక్కడా ఉండదు. ఎరేజర్ రఫూ చేసేవాడిలా చుట్టుపక్కల బట్టలోంచి పోగులు తీసి చిరుగును నింపుతుంది. రఫూ ఎంత బాగా కుదిరినా ఆ పోగులు అక్కడ నేసినవి కావు. ఫోటోలో నిండేది కూడా ఇలాంటిచోట మామూలుగా ఏం ఉంటుందో అన్న ఊహే.

ఈ ఊహ ఇసుక, ఆకాశం, గడ్డి, సున్నం కొట్టిన గోడ లాంటివాటి మీద బాగా పనిచేస్తుంది. అక్కడ ఏ ముక్క ఎటున్నా పెద్ద తేడా కనబడదు. లెక్క ప్రకారం ఉండాల్సినవి వచ్చినప్పుడు తడబడుతుంది. ఏ వస్తువు నీడ ఏది, గోడ మీది గీత మనిషి చాటునుంచి ఎక్కడ బయటికి రావాలి, బోర్డు మీద ఏ అక్షరం పక్కన ఏది రావాలి అన్నవి అది ఆలోచించి తేల్చేవి కావు. పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

రామప్ప దగ్గర ఒక ఫోటో

ఒక ఉదాహరణ తీసుకుందాం. ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కినది. ఎర్ర ఇసుకరాయి గోడ ముందు భార్యాభర్తలు, కూతురు, నాయనమ్మ నిలబడ్డారు. గోడ మీద వరసగా చెక్కిన ఏనుగులు వాళ్ల వెనక సాగిపోతున్నాయి. సాయంకాలపు ఎండ ఎడమవైపు నుంచి పడుతోంది. నాయనమ్మ పక్కనే నీలం చొక్కా వేసుకున్న ఎవరో పెద్దమనిషి ఫోను చూసుకుంటూ ఫ్రేములోకి వచ్చాడు. కుడివైపు కొంచెం దూరంలో సమాచార బోర్డు, దాని ముందు ఇద్దరు పిల్లలు.

"వెనకాల ఆయనెవరో, తీసెయ్ నాన్నా" అని నాయనమ్మ అంది. మనవరాలు నీలం చొక్కా ఆయన చుట్టూ గీసింది, పనిలో పనిగా బోర్డు ముందున్న పిల్లల్నీ తీసేసింది. ఫోను తెర మీద చూస్తే ఫోటో శుభ్రంగా ఉంది. అసలు పరీక్ష ఇక్కడినుంచే.

మొదట అసలు ఫోటోను అలాగే ఉంచి, ఎడిట్ చేసినదాన్ని వేరే కాపీగా దాచుకోవాలి. పోల్చుకోవడానికి అసలు లేకపోతే పరీక్ష సగం పోయినట్టే. వీలైతే ల్యాప్‌టాప్‌లోనో టీవీలోనో పెద్దగా పెట్టి చూడాలి. ఫోనులోనే చూసేట్టయితే రెండు వేళ్లతో బాగా పెద్దది చేసి, పై ఎడమ మూల నుంచి కుడికి, మళ్లీ కాస్త కిందికి దిగి ఎడమ నుంచి కుడికి, పేజీ చదివినట్టు జరుపుకుంటూ పోవాలి. ఎడిట్ చేసిన చోటును మాత్రమే చూసి ఆపకూడదు. ఎడిట్ చేసినవాళ్ల కన్ను తను దిద్దిన చోటికే పోతుంది, తప్పు దాని పక్కన కూర్చుంటుంది.

ఈ ఫోటోలో మొదట బయటపడేది నీడ. నీలం చొక్కా ఆయన పోయాడు. ఎండ ఎడమనుంచి కాబట్టి ఆయన నీడ కుడివైపు రాతి నేల మీద పొడుగ్గా పడింది. గీసినప్పుడు మనిషి చుట్టూ మాత్రమే గీశారు, నీడ గీతకు బయట ఉండిపోయింది. ఇప్పుడు ఎవరూ లేనిచోట ఒక నీడ పడి ఉంది. ఎరేజర్ వాడినవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే లోపం ఇదే. మనిషితోపాటు మనిషి వల్ల ఏర్పడినవన్నీ పోవాలి. నేల మీద నీడ, నీళ్లలో, కారు అద్దంలో, నల్ల కళ్లద్దాల్లో పడే ప్రతిబింబం, పక్కవాళ్ల భుజం మీద వేసిన చెయ్యి, పట్టుకున్న సంచీ తాడు ఇవన్నీ ఒక్కొక్కటే వెతుక్కోవాలి. కొన్ని యాప్‌లు నీడను తమంతట తామే పట్టుకుంటాయి, కొన్ని పట్టుకోవు. అందుకని గీసేటప్పుడే నీడను కూడా కలుపుకుని, మనిషి అంచుకన్నా కొంచెం వెడల్పుగా గీయాలి.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంటుంది. కొత్తగా ఒక వస్తువునో మనిషినో చేర్పించినప్పుడు దాని నీడ రాకపోవచ్చు, వచ్చినా మిగతా నీడలు కుడికి పడుతుంటే ఇది ఎడమకు పడవచ్చు. ఎండలో తీసిన ఫోటోలో అన్ని నీడలూ ఒకే సూర్యుడి లెక్కకు లోబడాలి. ఒక్క నీడ ఎదురు తిరిగినా చూసేవాళ్లకు ఎందుకో తెలియకపోయినా ఫోటో తేడాగా అనిపిస్తుంది.

రెండోది ఏనుగుల వరుస. పెద్దమనిషి వెనక దాగిన రెండు మూడు ఏనుగుల స్థానంలో ఎరేజర్ కొత్తవి చెక్కింది. దూరంనుంచి చూస్తే వరుస సాఫీగానే ఉంది. పెద్దది చేసి చూస్తే ఒక ఏనుగుకు తొండం ముందున్న ఏనుగు తోకలో కలిసిపోయింది, మరొకదానికి కాళ్లెన్నో లెక్క తేలడం లేదు. ఇంకొకటి పక్కనున్నదానికి అచ్చు నకలు. రాతి మీద చేత్తో చెక్కిన రెండు బొమ్మల్లో ఒకే పగులు, ఒకే మరక ఒకేచోట ఉండటం జరగదు. రాతి బొమ్మలు, చీర జరీ అంచు, కిటికీ చువ్వలు, మెట్లు, పెంకులు ఇలా వరసగా వచ్చేవాటిని వేలు పెట్టి లెక్కపెట్టాలి. అసలు ఫోటోలో మనిషికి ఇటు ఏ గీత ఏ ఎత్తులో లోపలికి పోయిందో, అటు అదే ఎత్తులో బయటికి వచ్చిందో లేదో చూడాలి.

మూడోది బోర్డు. ముందున్న పిల్లలు పోగానే బోర్డు కింది సగం బయటపడినట్టు కనబడుతోంది. అక్కడ తెలుగు రాతలాంటిదేదో ఉంది. చదవబోతే ఒక్క మాటా అందదు. తలకట్టు ఉంటుంది, కింద వత్తులాంటి కొక్కెం ఉంటుంది, మధ్యలో మన వర్ణమాలలో లేని సున్నా చుట్టలు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలు ఈమధ్య కాస్త కుదురుతున్నా గుణింతాలు, వత్తులు కలిసే తెలుగులో మాత్రం ఈ సాధనాలు ఇంకా తరచూ తడబడతాయి. మనవాళ్లకు ఇది చేతిలో ఉన్న మంచి పరీక్ష. ఫోటోలో బస్సు బోర్డు, దుకాణం పేరు, ఫ్లెక్సీ, శిలాఫలకం ఏది ఉన్నా పైకి చదవాలి. నోరు తిరగకపోతే అక్కడ ఊహ పనిచేసిందన్నమాట.

నాలుగోది అంచులు. నాయనమ్మ జుట్టు గాలికి కొంచెం రేగింది. పెద్దమనిషిని చెరిపినప్పుడు ఆమె చెవి పక్కన ఎగిరిన వెంట్రుకలు కత్తిరించినట్టు ఆగిపోయాయి. భుజం మీద కొంగు అంచు ఒకచోట మెత్తగా కరిగి గోడలో కలిసింది. జుట్టు, పూలు, గాజులు, కళ్లజోడు కాడ, చేతివేళ్లు, పారదర్శకమైన దుపట్టా, వీటిలో ఏది ఎడిట్ చేసిన చోటికి ఆనుకుని ఉన్నా దాన్ని ప్రత్యేకంగా చూడాలి. వేళ్లు లెక్కపెట్టడం పాత చిట్కా. ఇప్పటి సాధనాలు ఐదు వేళ్లు సరిగ్గానే గీస్తాయి గనక వేళ్లు సరిపోయాయని నిశ్చింతగా ఉండటానికి లేదు.

చివరిది రేణువు. ఏ కెమెరా ఫోటోలోనైనా, ముఖ్యంగా వెలుతురు తక్కువైనప్పుడు, సన్నటి ఇసుక చల్లినట్టు గరుకుదనం ఉంటుంది. ఏఐ నింపిన ముక్క తరచూ దానికన్నా నున్నగా ఉంటుంది, లేదా చుట్టుపక్కల కన్నా మసకగా ఉంటుంది. మామూలుగా చూస్తే తెలియదు. ఫోను గ్యాలరీలోనే కాంట్రాస్ట్‌ను పూర్తిగా పెంచి, నీడల వెలుతురు పెంచే మీటను చివరిదాకా జరిపి చూస్తే గోడ మీద అతుకు వేసినట్టు ఆ ముక్క తేలుతుంది. చూశాక ఆ మార్పులను దాచకుండా వెనక్కి తీసుకుంటే సరి.

ఇన్ని దొరికాక ఏం చేయాలి? నీడను కూడా కలిపి మళ్లీ గీస్తే మొదటి లోపం పోతుంది. జుట్టు దగ్గర చిన్న చిన్న ముక్కలుగా గీస్తే ఫలితం మెరుగ్గా వస్తుంది, ఎందుకంటే ఒకేసారి ఊహించాల్సిన జాగా తగ్గుతుంది. బోర్డు విషయంలో సులువైన దారి కత్తిరింపు. ఫోటో కుడి అంచును కొంచెం క్రాప్ చేస్తే పిల్లలూ పోతారు, బోర్డూ పోతుంది, కొత్తగా కల్పించినది ఒక్క చుక్క ఉండదు. క్రాప్‌తో అయ్యే పనికి ఎరేజర్ వాడకపోవడం మంచి అలవాటు. ఏనుగుల దగ్గర మాత్రం ఎన్నిసార్లు గీసినా సమస్య తీరదు. తీరినట్టు కనబడినా తీరదు. కాళ్లు నాలుగు, తొండం ఒకటి సరిగ్గా వచ్చిన ఏనుగు కూడా రామప్ప గోడ మీద లేని ఏనుగే.

మొత్తం ఫోటో మారిపోయే ప్రమాదం

పైన చెప్పినదంతా గీసిన చోటును మాత్రమే మార్చే ఎరేజర్ల సంగతి. ఇప్పుడు మరో పద్ధతి ఎక్కువైంది. ఫోటోను ఏఐకి ఇచ్చి "వెనకున్న మనిషిని తీసెయ్" అని మాటల్లో అడగడం. ఇలాంటి సాధనాల్లో చాలావరకు ఆ ఒక్క చోటును దిద్ది ఊరుకోవు, ఫోటో మొత్తాన్ని చూసి మళ్లీ కొత్తగా గీస్తాయి. తేడా అక్కడ వస్తుంది. నాయనమ్మ చెంప మీది పుట్టుమచ్చ పోవచ్చు. ముడతలు తగ్గవచ్చు. చంద్రహారంలో గొలుసుల లెక్క మారవచ్చు, కంచి అంచులో మామిడిపిందె ఇంకో ఆకారం ఎత్తవచ్చు. మనం అడిగింది వెనకున్నాయన్ని తీయమని, మారింది మన మనిషి ముఖం. ఇంట్లోవాళ్లు చూసి "ఏదో తేడాగా ఉందే" అంటారు గానీ ఏమిటో చెప్పలేరు.

దీన్ని పట్టుకోవడానికి సులువైన పద్ధతి, గ్యాలరీలో అసలు ఫోటోనూ కొత్తదాన్నీ పక్కపక్కన ఉంచి, ఒకే ముఖాన్ని రెండింట్లోనూ ఒకే సైజుకు పెద్దది చేసి ముందుకూ వెనక్కీ జరపడం. ఏ చోటు కదిలినట్టు అనిపిస్తే అక్కడ మార్పు ఉన్నట్టు. కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఇంకా గట్టి పద్ధతి ఉంది. ఫోటోషాప్‌లోగానీ, ఉచితంగా దొరికే గింప్‌లోగానీ రెండు ఫోటోలను ఒకదానిమీద ఒకటి లేయర్లుగా పెట్టి, పైదాని బ్లెండ్ మోడ్‌ను డిఫరెన్స్‌కు మార్చాలి. రెండూ ఒకేలా ఉన్నచోట తెర నల్లగా ఉంటుంది, తేడా ఉన్నచోట వెలుగుతుంది. ఎరేజర్‌తో చేసిన ఎడిట్‌లో చెరిపిన ఆకారం మాత్రమే వెలుగుతుంది. మాటలతో అడిగి చేయించినదాంట్లో ముఖాలు, నగలు, ఆకాశం అన్నీ ఎంతోకొంత మెరుస్తాయి. ఫైలును మళ్లీ సేవ్ చేయడంవల్ల కూడా సన్నటి మెరుపు రావచ్చు. ముఖం ఆకారం గీతలుగా తేలిందంటే మాత్రం ముఖం మారింది. ఈ పోలికకు రెండు ఫోటోలూ ఒకే కొలతలో ఉండాలి. కొత్త ఫోటో కొలత వేరుగా వచ్చిందంటే మళ్లీ గీశారనడానికి అదే ఒక ఆనవాలు.

ఈ పరీక్షలన్నీ మన ఫోటో మీద, అసలు మన దగ్గర ఉన్నప్పుడు పనికొచ్చేవి. ఎదుటివాళ్ల ఫోటోలో ఒక వింత గీత కనబడినంత మాత్రాన అది ఏఐ అని తీర్పు చెప్పడానికి ఇవి చాలవు. పనోరమా తీసేటప్పుడు కదిలినవాళ్లకు మూడు చేతులు వస్తాయి. ఫోన్లు ఒక్క నొక్కుకే అనేక ఫోటోలు తీసి కలుపుతాయి గనక ఊగుతున్న చెయ్యి రెండుగా కనబడటం మామూలే. నైట్ మోడ్‌లో గోడలు నున్నగా వస్తాయి.

ఏం చెప్పాలి, ఎక్కడ చెప్పాలి

పరీక్ష పూర్తయ్యేసరికి రామప్ప ఫోటోలో ఏం మారిందో మనకు స్పష్టంగా తెలుసు. ఒక మనిషిని తీశారు, అతని వెనకున్న గోడను, ఏనుగులను ఏఐ కల్పించింది, ముఖాలు అలాగే ఉన్నాయి. లేబుల్ అంటే ఈ సంగతిని ఒక వాక్యంలో చెప్పడమే. "ఏఐ వాడాను" అని మాత్రమే రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. నాయనమ్మ నిజంగా అక్కడికి వెళ్లిందా, లేదా ఆమెను కూడా చేర్చారా అన్న అనుమానం మిగిలిపోతుంది. "వెనకున్న ఒకరిని ఏఐతో తీసేశాం, ఆ చోట గోడమీది శిల్పం అసలుది కాదు" అంటే ఎవరికీ సందేహం ఉండదు. తీసినదేదో, చేర్చినదేదో, నిజంగా ఉన్నదేదో చెబితే అది మంచి లేబుల్.

ప్రతిదానికీ లేబుల్ కావాలా? వెలుతురు పెంచడం, రంగు సరిచేయడం, క్రాప్ చేయడం, వాలిన ఫోటోను నిలబెట్టడం, లెన్సు మీది దుమ్ము చుక్క తీయడం వంటివి ఫోటో చెప్పే సంగతిని మార్చవు. వీటికి చెప్పకపోయినా తప్పులేదు. మనిషిని, వస్తువును తీస్తే చెప్పాలి. మనిషిని చేరిస్తే, ముఖంలో భావం మారిస్తే, బట్టలు, చోటు, వాతావరణం మారిస్తే మొదటి మాటలోనే చెప్పాలి. చనిపోయిన తాతగారిని పెళ్లి ఫోటోలో చేర్చే ముచ్చట ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. అందులో తప్పేమీ లేదు, కానీ "తాతయ్య ఫోటోను ఏఐతో చేర్చాం" అన్న మాట లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత ఇంట్లో పిల్లలు ఆయన ఆ పెళ్లికి వచ్చారనే నమ్ముతారు. అమ్మకానికి పెట్టిన ఇల్లు, చీర, పాత బండి ఫోటోల్లో గోడ పగులునో చిరుగునో గీతనో చెరపడం ఎంత లేబుల్ వేసినా చేయకూడని పని. ప్రమాదం, వరద, గొడవ లాంటి సంఘటనల ఫోటోలకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ ఫోటో సాక్ష్యం.

సాక్ష్యంలో కల్పన కలిస్తే ఏమవుతుందో 2025 వసంతంలో హైదరాబాద్ చూసింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో దాదాపు 400 ఎకరాల భూమిలో బుల్డోజర్లు చెట్లు కూల్చాయి. అది నిజం, ఏప్రిల్ మొదట్లో సుప్రీంకోర్టు దాన్ని ఆపింది కూడా. అదే సమయంలో బుల్డోజర్ల ముందు పారిపోతున్న నెమళ్లు, జింకల ఏఐ బొమ్మలు ఫోన్లలో తిరిగాయి. కొన్ని కార్టూన్ తరహావి, చూడగానే బొమ్మలని తెలిసేవి. కొన్ని ఫోటోల్లాంటివే. ఆ తర్వాత చర్చలో పెద్ద భాగం కూల్చిన చెట్ల నుంచి కల్పించిన జింకల మీదికి మళ్లింది. ఏఐ బొమ్మలు వ్యాప్తి చేశారంటూ ప్రభుత్వం కేసుల దాకా వెళ్లింది, ఒక బొమ్మను పంచుకున్న సీనియర్ ఐఏఎస్ అధికారికి పోలీసులు నోటీసు ఇచ్చారు. అక్కడ నిజమైన జింకలు, నిజమైన నెమళ్లు ఉన్నాయి. "ఇది ఏఐతో వేసిన బొమ్మ" అన్న ఒక్క పంక్తి ఆ బొమ్మల మీదే ఉండి ఉంటే, నిజమైన ఫోటోలను కూడా అబద్ధమని కొట్టిపారేసే అవకాశం అంత తేలిగ్గా దొరికేది కాదు.

లేబుల్ ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ అసలు చిక్కంతా అక్కడే. కొన్ని సాధనాలు ఫైలు లోపలే ఒక గుర్తు రాస్తాయి. అడోబ్, మైక్రోసాఫ్ట్, బీబీసీ తదితరులు 2021లో మొదలుపెట్టిన సీ2పీఏ అనే ప్రమాణం ప్రకారం ఫోటో ఎలా పుట్టింది, ఎక్కడ మారింది అన్న చరిత్ర ఫైలుకు సంతకంలా అంటుకుని ఉంటుంది. అలాంటి ఫోటోను contentcredentials.org/verify అనే చోట పెట్టి చూడవచ్చు. గూగుల్ ఫోటోస్ కూడా తన ఏఐతో చేసిన మార్పును ఫోటో వివరాల్లో చూపిస్తుంది. శామ్‌సంగ్ ఫోన్లు జెనరేటివ్ ఎడిట్ చేసిన ఫోటో కింది మూలన కనబడే గుర్తు వేస్తాయి. అందం చెడిందని ఆ మూలను కత్తిరించేవాళ్లున్నారు. అలా కత్తిరిస్తే లేబుల్‌ను చేజేతులా తీసేసినట్టే.

ఫైల్లోని గుర్తులు మంచివే గానీ వాటి ఆయుష్షు తక్కువ. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఫైలు లోపలి సమాచారం చాలావరకు ఊడిపోతుంది. స్క్రీన్‌షాట్ తీస్తే మొత్తం పోతుంది. కనుక గుర్తు లేదంటే ఫోటో అసలుదని అర్థం చేసుకోకూడదు.

ఈ గుర్తులను నమ్ముకుని యంత్రాలే లేబుల్ వేస్తే ఏమవుతుందో కూడా 2024లో తెలిసింది. ఆ ఏడాది మే నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో మెటా "Made with AI" అన్న లేబుల్ వేయడం మొదలుపెట్టింది. ఫోటోషాప్‌లో జెనరేటివ్ ఫిల్‌తో ఒక చిన్న మచ్చ తీసినా ఫైల్లో గుర్తు చేరేది. దాన్ని చూసి యంత్రం ఫోటో మొత్తం ఏఐ చేసిందన్నట్టు లేబుల్ వేసేది. నిజంగా కెమెరా పట్టి తీసిన ఫోటోగ్రాఫర్లు గొడవ చేశారు. జులైలో మెటా ఆ మాటను "AI info" అని మార్చింది. సెప్టెంబర్‌లో, ఏఐతో కేవలం దిద్దిన ఫోటోలకు ఆ మాటను పోస్టు పైనుంచి తీసి మెనూ లోపలికి జరిపింది. ముందు అతిగా చెప్పింది, తర్వాత దాదాపు చెప్పకుండా అయింది. ఎంత మార్చారన్నది యంత్రానికి తెలియదు, ఎడిట్ చేసినవాళ్లకే తెలుసు. దాన్ని వాళ్లే రాయాలి.

మన దేశంలో ఈ విషయమై ఐటీ నిబంధనలను సవరించారు, 2026 ఫిబ్రవరి 20 నుంచి అమలులోకి వచ్చాయి. నిజంలా కనబడేలా కృత్రిమంగా చేసినవాటికి స్పష్టమైన లేబుల్ ఉండాలని, పెద్ద సామాజిక మాధ్యమాలు పోస్టు చేసేవాళ్లనుంచి ఆ సంగతి అడిగి తెలుసుకోవాలని అవి చెబుతున్నాయి. అర్థం మారకుండా చేసే రంగు, వెలుతురు వంటి మామూలు దిద్దుబాట్లను వాటినుంచి మినహాయించారు. కాబట్టి అప్‌లోడ్ చేసేటప్పుడు "ఇది ఏఐతో చేసిందా" అని మీట కనబడితే నిజం చెప్పాలి. అంతటితో ఆగకుండా, క్యాప్షన్‌లో మొదటి పంక్తిలోనే ఏం మార్చారో రాయాలి. చివర రాస్తే "మరింత చదవండి" చాటున దాక్కుంటుంది, హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో కలిపేస్తే ఎవరి కంటా పడదు.

క్యాప్షన్ కూడా ఫోటోతో ఎంతో దూరం రాదు. ఫార్వర్డ్‌లలో ఫోటో ఒక్కటే ప్రయాణం చేస్తుంది. మనిషిని చేర్చడం, చోటు మార్చడం లాంటి పెద్ద మార్పు చేసినప్పుడు ఫోటో మీదే, కత్తిరించడానికి వీల్లేని చోట, చదవగలిగే సైజులో తెలుగులో రెండు మాటలు రాసి పెట్టడం ఒక్కటే కాస్త నిలిచే పద్ధతి. మూలన రాస్తే క్రాప్‌కు దొరుకుతుంది. భుజాల ఎత్తులో, పక్కన ఖాళీ గోడ మీదనో ఆకాశం మీదనో రాస్తే అంత తేలిగ్గా పోదు. అసలు ఫోటోను పారేయకుండా దాచుకోవాలి, ఎవరైనా అడిగితే అది చూపిస్తే సరిపోతుంది.

రామప్ప ఫోటోకు వద్దాం. ఏనుగులు ఎంత బాగా కుదిరితే అంత ఎక్కువగా ఆ ఫోటోకు లేబుల్ అవసరం. తొండం తోకలో కలిసిన ఫోటో తన అబద్ధాన్ని తానే బయటపెట్టుకుంటుంది. నున్నగా కుదిరిన ఫోటో బయటపెట్టుకోదు. రేపు ఎవరో విద్యార్థి ఆ గోడ మీది శిల్పాల కోసం వెతుకుతూ దాన్నే అసలుదనుకుని వాడుకోవచ్చు. అప్పుడు తేడా చెప్పగలిగేది మనం రాసిన ఆ వాక్యం ఒక్కటే. అందుకే ఎడిట్ పూర్తయ్యాక పోస్టు నొక్కేముందు ఆ వాక్యం రాసి చూసుకోవడం మంచిది. "వెనకున్న ఒకరిని తీసేశాం" అని రాయడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. "ఈ ఇంటి గోడ పగుళ్లు ఏఐతో చెరిపాం" అని రాయాలంటే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగిన ఫోటోను పెట్టకుండా ఉండటమే దానికి సరైన పరిష్కారం.